జారే షిఫాన్, జార్జెట్ కుట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో కుట్టు నేర్పే మా గదికి దసరా, సిరిమానోత్సవం దగ్గరపడుతున్నకొద్దీ ఒకే రకమైన సంచులు రావడం మొదలవుతుంది. వాటిలో అమ్మదో అత్తగారిదో పాత జార్జెట్ చీర, దాన్ని లాంగ్ ఫ్రాక్‌గా మార్చబోయి సగంలో ఆగిపోయిన ముక్కలు ఉంటాయి. ఏటా అవే సందేహాలు వస్తున్నాయి కనుక వాటిని పని జరిగే దశల వారీగా ఇక్కడ రాసి పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## కత్తెర పట్టక ముందు

నూలు బట్ట చక్కగా కుడతాను, జార్జెట్ దగ్గరికి వచ్చేసరికి చేయి రానట్టు అయిపోతోంది. ఎందుకు?

లోపం మీ చేతిలో లేదు, పోగులో ఉంది. పొందూరు ఖద్దరును తీసుకుంటే, చేతితో వడికిన నూలుకు సన్నని నూగు ఉంటుంది. రెండు పొరలను ఒకదానిపై ఒకటి వేయగానే ఆ నూగు ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. మార్కెట్లో ఎక్కువగా దొరికే పాలియెస్టర్ జార్జెట్‌లోని పోగు నున్నగా, ఎడతెగకుండా ఉంటుంది, దానికి నూగు ఉండదు. పైగా షిఫాన్‌లోనూ జార్జెట్‌లోనూ పోగులను బాగా మెలితిప్పి, మధ్యలో సందు ఉండేలా పల్చగా నేస్తారు. అందువల్ల పొర మీద పొర జారడంతో పాటు, ఒకే పొరలో పోగు మీద పోగు కూడా జరుగుతుంది. నలుచదరంగా పరిచిన ముక్క చేయి తగలగానే ఏటవాలుగా మారిపోయేది ఇందుకే. మొదట పొరను కదలకుండా నిలబెట్టి ఆ తరువాత కుట్టాలి. ఈ బట్ట విషయంలో అసలు పని అదే.

నా దగ్గర ఉన్నది పాలియెస్టరో, విస్కోసో, పట్టో ఎలా తెలుస్తుంది? తెలిసి ఏం ప్రయోజనం?

అంచు దగ్గర నాలుగైదు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుని వెలిగించి చూడండి. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. విస్కోస్ కాగితంలా కాలి బూడిద అవుతుంది. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. విస్కోస్ జార్జెట్ నీళ్ళలో పడితే బాగా కుంచించుకుపోతుంది కాబట్టి తడిపి ఆరబెట్టకుండా దాన్ని కత్తిరించకూడదు. పట్టుపై నీటి మరకలు నిలిచిపోవచ్చు కాబట్టి గంజి పెట్టే ముందు ఒక మూల చుక్క వేసి చూసుకోవాలి. పాలియెస్టర్‌కు ఈ రెండు భయాలూ లేవు, కాని ఇస్త్రీ పెట్టె వేడి ఎక్కువైతే అది మెరుపెక్కి పాడవుతుంది.

గంజి పెట్టి కుట్టవచ్చా? మరకలు పడవా?

పెట్టవచ్చు. ఉతకదగిన జార్జెట్‌కు నేను చెప్పే మొదటి ఉపాయం అదే. అన్నం గంజి కన్నా సగ్గుబియ్యం గంజి మేలు, ఎందుకంటే అది ఆరాక పారదర్శకంగా ఉండి ముదురు రంగులపై తెల్లటి పొడలా కనిపించదు. గుప్పెడు సగ్గుబియ్యాన్ని ఉండలు కరిగేదాకా ఉడికించి, పల్చటి గుడ్డలో వడకట్టి, మజ్జిగ తేటలా జారేదాకా నీళ్ళు కలపాలి. అందులో బట్టను ముంచి, పిండకుండా నీరు కారనిచ్చి, పాత దుప్పటిపై పరిచి అంచులు తిన్నగా వచ్చేలా చేత్తో సర్దాలి. తడిగా ఉన్నప్పుడు వంకరగా పరిస్తే ఆ వంకరే గట్టిపడి నిలిచిపోతుంది, దాన్ని సరిచేయాలంటే మళ్ళీ తడపవలసిందే. ఆరిన బట్ట పల్చటి కాగితంలా చిన్నగా గరగరలాడితే చాలు. అప్పడంలా విరిగేంత గట్టిపడితే గంజి ఎక్కువైందని అర్థం. కుట్టడం పూర్తయ్యాక ఒకసారి ఉతికితే గంజి పోయి పాత జారుడు తిరిగి వస్తుంది.

వానలు పట్టిన రోజుల్లో గాలిలోని తేమకు గంజి మెత్తబడుతుంది. గంజి పెట్టిన బట్టను వారం దాచుకోకుండా ఆరిన రోజునే కత్తిరించుకోండి.

## కత్తిరింపు

రెండు మడతలు వేసి కత్తిరిస్తే ముందు ముక్క ఒకలా, వెనుక ముక్క ఒకలా వస్తున్నాయి. ఏం చేయాలి?

ఈ బట్టను మడతపెట్టి కత్తిరించే అలవాటును మానుకోవాలి. కింది పొర ఎటు జరిగిందో పైనుంచి మీకు కనిపించదు. సగం నమూనాకు బదులు పూర్తి నమూనాను కాగితంపై గీసుకుని, ఒక్క పొరనే పరిచి కత్తిరించండి. బట్ట కింద పల్చటి తెల్ల కాగితం వేసి, కాగితాన్నీ బట్టనూ నమూనానూ కలిపి గుండుసూదులతో కుట్టుకు వదిలిన భాగంలో మాత్రమే గుచ్చి, మూడింటినీ కలిపి కత్తిరించాలి. అప్పుడు కత్తెర నిజానికి కాగితాన్ని కోస్తుంది, బట్ట దానితో పాటు తెగుతుంది. పాత వార్తాపత్రికను కొందరు వాడతారు గాని, దాని సిరా లేత రంగు బట్టకు అంటుకుంటుంది.

కత్తెర కింది అలుగు నేలకు ఆనుతూ సాగాలి, బట్టను ఎత్తి పట్టుకుని కోయకూడదు. ఇంకొక చిన్న మాట: కత్తిరించేటప్పుడు ఫ్యాను ఆపేయండి. మా ఇంట్లోనే ఒకసారి పరిచిన షిఫాన్ ఫ్యాను గాలికి అర అంగుళం పక్కకు జరిగి, ఆ సంగతి చంకలు కలిపేదాకా నాకు తెలియలేదు.

మెడ కత్తిరించగానే సాగిపోతోంది. ముందే ఆపే మార్గం ఉందా?

మెడ వంపులో పోగు ఐమూలగా తెగుతుంది కాబట్టి అది తన బరువుకే సాగుతుంది. ముక్కను నేలపై నుంచి ఎత్తక ముందే మెడ చుట్టూ, కుట్టు గీతకు అరపావు అంగుళం బయటగా, చేత్తో సన్నని పరుగుకుట్టు వేయండి. భుజాల దగ్గర లైనింగ్ బట్ట అంచు నుంచి తీసిన పావు అంగుళం పట్టీని కలిపి కుడితే భుజం జారదు. పట్టీని అంచు వెంబడి నిలువుగానే తీయాలి, క్రాస్‌గా తీసిన పట్టీ బట్టతో పాటు తానూ సాగుతుంది.

## సూది, దారం, మిషన్

ఏ నంబరు సూది వాడాలి?

షిఫాన్‌కూ పల్చటి జార్జెట్‌కూ 9 నంబరు, కొంచెం బరువైన జార్జెట్‌కు 11 నంబరు సరిపోతుంది. ప్యాకెట్టుపై ఇవి 9/65, 11/75 అని ఉంటాయి. ఇంటి మిషన్‌లో మామూలుగా ఉండే 14 లేదా 16 నంబరు సూది ఈ బట్టలో రంధ్రం చేయడానికి బదులు పోగులను పక్కకు నెట్టివేస్తుంది. మొన సన్నగా, వాడిగా ఉన్న సూదినే అడగండి. బాల్‌పాయింట్ సూది అల్లిక బట్టల కోసం చేసినది.

సూది మొండిబారిందని తెలుసుకోవడం తేలిక. కుట్టుకు అడ్డంగా, సన్నని మెరుపు గీతలా ఒక పోగు లాగినట్లు కనిపిస్తే మొన దెబ్బతిన్నట్టే. కాగితంతో కలిపి కుట్టినప్పుడు సూది ఇంకా త్వరగా అరుగుతుంది, కనుక ప్రతి కొత్త దుస్తుకూ కొత్త సూది వేసుకోవడం మంచిది. పాడైన బట్ట ముందు సూది ఖరీదు లెక్కలోనిది కాదు.

దారం మామూలుది సరిపోదా?

దారం సూది కంటికి తగినంత సన్నగా ఉండాలి. 9 నంబరు సూదిలో లావు నూలు దారం ఎక్కిస్తే అది కంటిలో ఒరుసుకుని, పీచులు లేచి, కుట్టును లాగుతుంది. పైనా కిందా ఒకే సన్నని పాలియెస్టర్ దారం వాడండి. బాబిన్‌ను నెమ్మదిగా చుట్టాలి, ఎందుకంటే వేగంగా చుట్టినప్పుడు పాలియెస్టర్ దారం సాగిన స్థితిలోనే బాబిన్‌పై బిగుసుకుంటుంది. కుట్టిన తరువాత అది తన అసలు పొడవుకు తిరిగి వస్తూ బట్టను కుచ్చులుగా లాగుతుంది. సాయంత్రం చదునుగా ఉన్న అతుకు పొద్దున్నకు ముడతపడిందని చెప్పేవారిలో చాలామంది విషయంలో జరిగింది ఇదే.

నాది పాత నల్ల మిషన్. షిఫాన్‌కు కొత్త మిషన్ కొనాలా?

అక్కరలేదు, ఈ పనికి మీ మిషనే మెరుగు. నేరు కుట్టు మాత్రమే వేసే పాత మిషన్‌లో ప్లేటుకు సూది పట్టేంత చిన్న గుండ్రని రంధ్రం ఉంటుంది. జిగ్‌జాగ్ మిషన్‌లో సూది అటూ ఇటూ కదలాలి కనుక అక్కడ వెడల్పాటి సందు ఉంటుంది, సూది దిగేటప్పుడు పల్చటి బట్టను ఆ సందులోకి నెట్టేస్తుంది. జిగ్‌జాగ్ మిషన్ ఉన్నవారు నేరు కుట్టు ప్లేటు దొరికితే మార్చుకోవచ్చు, లేకపోతే సూదిని ఎడమ చివరకు జరిపి కుట్టవచ్చు. అలా చేస్తే బట్టకు ఒక పక్కనైనా ప్లేటు ఆధారం దొరుకుతుంది. కాళ్ళతో తొక్కే మిషన్‌పై నెమ్మదిగా, ఒక్కొక్క కుట్టుగా వెళ్ళగలగడం అదనపు లాభం.

కుట్టు ఎంత పొడవు పెట్టాలి?

అంగుళానికి 12 కుట్లు, అంటే సుమారు 2 మిల్లీమీటర్లు. పాత మిషన్ల మీటలపై అంకెలు అరిగిపోయి ఉంటాయి కాబట్టి పీలికపై కుట్టి, టేపు పెట్టి లెక్కపెట్టుకోండి. పల్చటి బట్టకు కుట్టు ఎంత చిన్నదైతే అంత గట్టిదని చాలామంది 18, 20 కుట్లు వేస్తారు. నేను దానితో ఏకీభవించను. అన్ని కుట్లు ఇరుకుగా పడితే పోగుల మధ్య దారానికి చోటు చాలక అతుకు బిరుసెక్కుతుంది, విప్పవలసి వస్తే బట్టే చిరుగుతుంది.

## కుట్టేటప్పుడు

మొదటి కుట్టులోనే బట్టను మిషన్ మింగేస్తోంది. ఎలా ఆపాలి?

బట్ట అంచుపై నేరుగా మొదలుపెట్టకండి. ముందు చిన్న నూలు పీలికపై నాలుగు కుట్లు వేసి, ఆపకుండా దాని వెనుకే జార్జెట్‌ను చేర్చి కుట్టుకుంటూ పోండి. తరువాత పీలికను కత్తిరించేయవచ్చు. పీలిక లేకుండా మొదలుపెట్టవలసి వస్తే పై దారాన్నీ కింది దారాన్నీ కలిపి వెనక్కి పట్టుకుని, చక్రాన్ని చేత్తో తిప్పి మొదటి సూదిని దించండి. ముందుకూ వెనక్కూ కుట్టి ముడి వేసే పద్ధతి ఇక్కడ బట్టను గుత్తిగా చేస్తుంది. దారాలను 3 అంగుళాలు వదిలి, చివర చేత్తో ముడి వేయండి.

కాగితం పెట్టి కుట్టమంటారు. పైన పెట్టాలా, కింద పెట్టాలా?

కింద పెట్టాలి, అంటే మిషన్ పళ్ళకూ బట్టకూ మధ్యన. పళ్ళు కాగితాన్ని పట్టుకుని ముందుకు లాగుతాయి, బట్ట దానిపై ప్రయాణిస్తుంది. రెండు అంగుళాల వెడల్పు పట్టీలుగా కత్తిరించిన పల్చటి ప్యాకింగ్ కాగితం చాలు, దళసరి నోటుపుస్తకం కాగితం తీసేటప్పుడు కుట్లను లాగేస్తుంది. కుట్టాక ఒక చేతి బొటనవేలి గోరును కుట్టు గీతపై ఆనించి, రెండో చేత్తో కాగితాన్ని కుట్టు వెంబడి పక్కకు చింపండి. ఎదురుగా పైకి లాగితే కుట్లు వదులవుతాయి. పని అయ్యాక షటిల్ దగ్గర పేరుకున్న కాగితపు పొట్టును బ్రష్‌తో దులపడం మరవకండి.

## ముడతలు

టెన్షన్ ఎంత తగ్గించినా కుట్టు లాగుతూనే ఉంది. ఇంకేం చేయాలి?

ముందుగా టెన్షన్ మీద నుంచి చేయి తీయాలి. ముడతకు కారణాలు మూడు, మూడింటికీ మందు వేరు. దారం బిగువు వల్ల ఒక ముడత, రెండు పొరలు సమానంగా నడవకపోవడం వల్ల ఇంకొకటి, పోగుల మధ్య దారానికి చోటు చాలక వచ్చేది మూడోది. ఏదో తెలియకుండా డయలు తిప్పితే కుట్టు వదులై, పాత ముడత అలాగే ఉంటుంది.

అదే బట్టలో 14 అంగుళాల పొడవు పీలికలు రెండు, నిలువు పోగు వెంబడి తీయండి. రెండింటి చివరలూ సరిగ్గా కలిపి, ఎక్కడా లాగకుండా కుట్టండి. ఇప్పుడు కుట్టు చివర చూడండి. పై పీలిక కింది పీలికను దాటి బయటకు వచ్చి ఉంటే అది నడక లోపం. పళ్ళు కింది పొరను ముందుకు తోస్తాయి, ఫుట్ పై పొరను వెనక్కి ఆపుతుంది, అందుకే కింది పొర లోపలికి కుచ్చుకుని ముందుగా అయిపోతుంది. చివరలు కలిసే ఉండి ముడత మాత్రం ఉంటే, పై దారాన్ని అంగుళానికి ఒకచోట కత్తెర మొనతో తెంపండి. వెంటనే బట్ట చదునైతే అది దారం బిగువు. తెంపినా ముడత పోకపోతే పోగుల ఇరుకే కారణం. దాన్ని నిర్ధారించుకోవడానికి ఇంకో రెండు పీలికలను కొంచెం ఏటవాలుగా కత్తిరించి కుట్టి చూడండి, ముడత తగ్గిపోతుంది.

కిందటేడు మా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి నీలం జార్జెట్ పక్క అతుకు ముడతపడుతోందని మూడుసార్లు విప్పి, ప్రతిసారీ టెన్షన్ తగ్గించింది. చివరకు దారం ఉచ్చులుగా కిందికి వేలాడసాగింది. ఈ పరీక్ష చేయిస్తే 14 అంగుళాలకు పై పీలిక 3/8 అంగుళం మిగిలింది. టెన్షన్‌ను యథాస్థానంలో పెట్టి, ఫుట్ కడ్డీ పైన ఉండే మరను రెండు చుట్లు వదులు చేసి ఒత్తిడి తగ్గించాం. కింద కాగితం పట్టీ వేశాం. రెండో పీలికల జతలో తేడా గోరు మందం కూడా రాలేదు. నా అనుభవంలో జార్జెట్‌తో వచ్చేవారి ముడతల్లో ఎక్కువ భాగం ఈ నడక లోపమే, అయినా నింద పడేది టెన్షన్ మీద.

దారం బిగువే కారణమని తేలితే పై టెన్షన్ ఒక్కదాన్నే తగ్గించడం సగం వైద్యం. బాబిన్ కేసును దారంతో వేలాడదీసి చిన్నగా కుదపండి. కొంచెం జారి ఆగాలి. అసలు కదలకపోతే దాని చిన్న మరను పావు చుట్టు వదులు చేసి, ఆ తరువాత పై దారాన్ని దానికి సరిపెట్టండి. పోగుల ఇరుకు వల్ల వచ్చే ముడతకు సన్నని సూది, సన్నని దారం, అంగుళానికి 10 లేదా 11 కుట్లు తప్ప పెద్ద మార్గం లేదు. పల్చటి షిఫాన్‌లో అది అరుదు, ఒత్తుగా నేసిన బరువు జార్జెట్‌లో కనిపిస్తుంది.

మొదటిసారి ఉతికాక ముడతలు వచ్చాయి. కుట్టినప్పుడు లేవే?

లోపల నూలు లైనింగ్ ఉంటే దాన్ని అనుమానించండి. తడపకుండా కుట్టిన లైనింగ్ మొదటి ఉతుకులో కుంచించుకుంటుంది, పాలియెస్టర్ జార్జెట్ మాత్రం కుంచించుకోదు. మిగిలిన జార్జెట్ అతుకుల పక్కన బుడగలుగా లేస్తుంది. ఇది ఇస్త్రీకి లొంగదు. లైనింగ్‌ను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి అప్పుడే కత్తిరించాలి.

## అతుకులు

పక్క అతుకులకు ఓవర్‌లాక్ చేయించాలా, ఫ్రెంచ్ సీమ్ వేయాలా?

లైనింగ్ విడిగా వేలాడే పల్చటి పైపొరకు ఫ్రెంచ్ సీమ్. బట్టలోంచి అతుకు బయటకు కనిపిస్తుంది, ఓవర్‌లాక్ దారాల గుత్తి ముదురు గీతలా తెలుస్తుంది. ఫ్రెంచ్ సీమ్‌లో పోగు చివరలు లోపలే మూసుకుపోతాయి. కుట్టుకు 5/8 అంగుళం వదలండి. ముందుగా బట్ట తిరగవైపులను కలిపి, అంటే మంచి వైపులు బయటకు ఉండగా, అంచు నుంచి 3/8 అంగుళం దూరంలో కుట్టాలి. మిగిలిన బట్టను 1/8 అంగుళానికి కత్తిరించి, పీచులు లేకుండా చూసి, అతుకును ఒకవైపుకు ఇస్త్రీ చేయాలి. తరువాత మంచి వైపులు లోపలికి వచ్చేలా తిప్పి, మడత అంచు నుంచి 1/4 అంగుళంలో రెండో కుట్టు వేయాలి. బయటి వైపు పీచులు పొడుచుకు వస్తున్నాయంటే మొదటి కుట్టు తరువాత సరిగా కత్తిరించలేదని అర్థం.

చంక వంపుకు ఫ్రెంచ్ సీమ్ వద్దు, అది వంపులో తిరగక బిరుసుగా నిలుస్తుంది. అక్కడ మామూలు కుట్టు వేసి, దాని పక్కన 1/8 అంగుళంలో ఇంకో కుట్టు వేసి, మిగిలినది దగ్గరగా కత్తిరించండి.

జార్జెట్ చీరతో ఎనిమిది కలీల ఫ్రాక్ కుడుతున్నాను. ఫ్రెంచ్ సీమ్ వేస్తే నడుము బిగుసుకుపోతుందా?

లెక్క ముందే వేసుకుంటే బిగుసుకోదు. నడుము 34 అంగుళాలు రావాలనుకుందాం. ఎనిమిది కలీలకు పంచితే ఒక్కొక్కటి 4.25 అంగుళాలు. ప్రతి కలీకి రెండు పక్కలా 5/8 చొప్పున 1.25 కలపాలి, కాబట్టి పైన 5.5 అంగుళాలు కత్తిరించాలి. కింద 14 అంగుళాలు కత్తిరిస్తే కుట్టాక 12.75 మిగులుతుంది, మొత్తం ఘేరా 102 అంగుళాలు. ఒక పక్క నిటారుగా, ఇంకో పక్క ఏటవాలుగా ఉండే కలీలను తలకిందులుగా జతచేస్తే జతకు 19.5 అంగుళాల వెడల్పు పడుతుంది. చీర 44 అంగుళాల పన్నా ఉంటే అడ్డంగా రెండు జతలు పడతాయి. ఒకే దిశలో నడిచే పువ్వుల ప్రింటుకు మాత్రం ఈ జత పనికిరాదు, సగం కలీల్లో పువ్వులు తలకిందులవుతాయి.

కలపేటప్పుడు ఒక కలీ నిటారు పక్కను రెండోదాని ఏటవాలు పక్కతో జతపరచండి. ఏటవాలు పక్క సాగుతుంది కాబట్టి దాన్ని కింద, పళ్ళ వైపు ఉంచాలి. పైన ఉంటే ఫుట్ దాన్ని తోసుకుంటూ పోయి చివర అంగుళం మిగులుస్తుంది. ప్రతి రెండు అంగుళాలకూ టాకాలు వేసుకుని, పై నుంచి కిందికి అన్ని అతుకులనూ ఒకే దిశలో కుట్టండి.

## కింది అంచు

అంచు ఎగుడుదిగుడుగా వస్తోంది. సమంగా కత్తిరించాను కూడా.

కత్తిరించినప్పుడు సమంగానే ఉండి ఉంటుంది. ఏటవాలు పోగు ఉన్న చోట్ల బట్ట తన బరువుకు దిగుతుంది, నిటారు పోగు ఉన్న చోట దిగదు. నడుము దాకా కుట్టడం పూర్తయ్యాక ఫ్రాక్‌ను హ్యాంగరుకు తగిలించి ఒక పగలూ ఒక రాత్రీ వేలాడనివ్వండి. తరువాత తొడుక్కునే మనిషికే తొడిగించి, నిటారుగా నిలబెట్టి, నేల నుంచి స్కేలుతో కొలుస్తూ గుర్తులు పెట్టి కత్తిరించాలి.

పీకో చేయించాలా, మడిచి కుట్టాలా?

చీర కొంగుకు పీకో సరే. ఫ్రాక్ ఘేరాకు మాత్రం సన్నగా మడిచి కుట్టినదే నాకు నచ్చుతుంది, ఎందుకంటే పీకో అంచు సాగి అలలు తిరగవచ్చు. అంచు నుంచి 1/4 అంగుళంలో ఒక కుట్టు వేసి, ఆ కుట్టు మీదుగానే లోపలికి మడిచి, మడతకు ఆనుకుని రెండో కుట్టు వేయండి. మిగిలిన బట్టను ఆ రెండో కుట్టుకు దగ్గరగా, చిన్న కత్తెరతో కత్తిరించండి. ఇంకోసారి మడిచి, రెండో కుట్టు మీదనే మూడో కుట్టు వేస్తే బియ్యపు గింజ వెడల్పు అంచు వస్తుంది. 102 అంగుళాల ఘేరాకు ఇది ఓపికతో కూడిన పని, ఒక మధ్యాహ్నం దానికే కేటాయించుకోవాలి.

ఇస్త్రీ చేసేటప్పుడు పైన పల్చటి నూలు గుడ్డ వేసి, పెట్టెను ఒత్తి ఎత్తండి. ముందుకూ వెనక్కూ రాస్తే ఇంతసేపు సమం చేసిన అంచు మళ్ళీ సాగుతుంది.